బురద అంటిన గౌను కోసం చూడండి

“పాతకాలం కథలంటే నాకు, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయికి చెప్పలేనంత ఇష్టం. రాత్రి భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని ఆ బట్టలు, ఇళ్లు, వంటగదులు చూస్తూ గడిపేస్తాం. బ్రిటిష్ సిరీస్ ‘డౌన్‌టన్ ఆబీ’ మొదటి సీజన్ మాకు బాగా పట్టేసింది. ఆ తర్వాత ట్రైలర్లు చూసి మొదలుపెట్టినవన్నీ రెండు ఎపిసోడ్లకే ఆపేశాం. బట్టలు ఖరీదైనవే, కానీ నిన్న కుట్టించి ఇవాళ తొడుక్కున్నట్టున్నాయి. కథేమో ఒకటే పరుగు. పైగా పెద్ద టీవీ కొన్నాక ఏది పెట్టినా స్టూడియో సెట్టింగ్ అని తెలిసిపోతోంది. మాలాంటివాళ్లు ఎలా ఎంచుకోవాలి?”
— ఒక పాఠకురాలు, పాలకొల్లు

ముందు టీవీ సంగతి తేల్చేద్దాం, అది రెండు నిమిషాల పని. ఇలాంటి సిరీస్‌లను సెకనుకు 24 లేదా 25 ఫ్రేముల చొప్పున తీస్తారు. కొత్త టీవీలు క్రికెట్ బంతి అలికినట్టు కనిపించకుండా ఉండటానికి, ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య లేని బొమ్మలను తామే తయారుచేసి దూరుస్తాయి. మ్యాచ్‌కి అది బాగానే ఉంటుంది. రెండు వందల ఏళ్ల నాటి హాల్లో నడుస్తున్న మనిషికి అదే పని చేస్తే కదలిక మరీ నున్నగా మారి, ఎదురుగా స్టూడియోలో నిలబడి చూస్తున్నట్టు అనిపిస్తుంది. మీకు సెట్టింగ్ అని తెలిసిపోవడానికి చాలా వరకు కారణం ఇదే. పిక్చర్ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆపేయండి. ఎల్‌జీలో దాని పేరు TruMotion, సోనీలో Motionflow, శామ్‌సంగ్‌లో Picture Clarity. Filmmaker Mode అని ఉంటే అది పెట్టుకుంటే చాలు, అన్నీ ఒకేసారి సర్దుకుంటాయి. షార్ప్‌నెస్ కూడా బాగా తగ్గించండి. అది ఎక్కువైతే జరీ, లేసు అంచుల చుట్టూ తెల్లటి గీత గీసినట్టు కనబడుతుంది.

ఇక ఎంపిక. ట్రైలర్ చూసి ఎంచుకోవడం దగ్గరే మీకు దెబ్బ పడుతోంది. ట్రైలర్‌లో పెట్టేది నాట్యాలు, పెళ్లి, గుర్రపు బండ్లు, కిరీటాలు. అసలు మీకు డౌన్‌టన్ ఎందుకు నచ్చిందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. మొదటి ఎపిసోడ్‌లో పొద్దున్నే కింద నౌకర్ల గదుల్లో ఒక కుర్రాడు న్యూస్‌పేపర్‌ని ఇస్త్రీ చేస్తుంటాడు. వంటింట్లో పనిచేసే డైసీ అదెందుకని అడుగుతుంది. సిరా ఆరడానికి, లేకపోతే దొరగారి చేతులకి నలుపు అంటుకుంటుంది అంటారు. సరిగ్గా ఆ ఇస్త్రీ పెట్టెకింద ఉన్న పేపర్లోనే టైటానిక్ మునిగిన వార్త ఉంటుంది. 1912 ఏప్రిల్ అది. ఆ ఓడలో ఎస్టేటుకు వారసులు పోయారు, కాబట్టి మొదటి సీజన్ కథంతా ఆ పేపర్లోంచే పుడుతుంది. అంటే ఇంటిపనే కథని మోసుకొచ్చింది. పైనుండే ఇంటిని హ్యాంప్‌షైర్‌లోని హైక్లియర్ కాసిల్ అనే నిజమైన భవనంలో తీశారు. కింది వంటగదులను మాత్రం లండన్‌లోని ఈలింగ్ స్టూడియోలో కట్టారు. రెండూ వేర్వేరు చోట్లని తెలిశాక కూడా మనకు అతుకు కనబడదు. నౌకరు చేతిలోని పళ్లెం ఒక చోట బయల్దేరి ఇంకోచోట బల్ల మీదికి చేరేదాకా ఆ పని తెగకుండా సాగుతుంది కదా, నమ్మకం అక్కడ కలుగుతుంది.

అందుకని ఏ సిరీస్ మొదలుపెట్టినా మొదటి ఎపిసోడ్‌లో నేను వెతికేది ఒకటే: ఆ బట్టలకు ఏమైనా అవుతోందా? తడుస్తున్నాయా, మాస్తున్నాయా, ఎవరైనా కుడుతున్నారా, ఉతుకుతున్నారా, వాటిమీద ఎవరైనా మాటలు పడుతున్నారా? ఏమీ కాకుండా కేవలం వేసుకుని తిరుగుతుంటే, అవి ఎంత ఖరీదైనవైనా మీ కళ్లకు నిన్న కుట్టినట్టే ఉంటాయి.

దీనికి నాకు తెలిసినంతలో మంచి ఉదాహరణ బీబీసీ 1995లో తీసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’. ఆరు ఎపిసోడ్లు. జేన్ ఆస్టిన్ నవల 1813లో వచ్చింది. కథ మీకు తెలిసే ఉంటుంది. అందులో అక్క జేన్ పరాయివాళ్ల ఇంట్లో జ్వరంతో పడుకుంటే, చెల్లెలు ఎలిజబెత్ మూడు మైళ్లు పొలాల వెంట నడిచి వెళ్తుంది. వాన కురిసి వెలిసిన నేల. ఆ ఇంటికి చేరేసరికి గౌను అంచు, లోపలి పావడా బురద. నవల్లో అయితే పావడాకి ఆరు అంగుళాల బురద అని కొలత కూడా చెబుతారు. ఆమె పైకి వెళ్లగానే ఆ ఇంటి ఆడవాళ్లు, బింగ్లీ అక్కచెల్లెళ్లు, చేసే మొదటి పని ఆ బురదని గురించి చెప్పుకుని నవ్వడం. ఒంటరిగా నడిచి రావడం, బండి లేకపోవడం, దుస్తులు ఖరాబైనా పట్టించుకోకపోవడం, ఇవన్నీ ఆ ఒక్క మరకలోనే ఉన్నాయి. అదే మరక అక్కడే ఉన్న డార్సీ అనే ఒకాయనకి ఇంకోలా కనిపించింది, నడిచి వచ్చిన మొహంలో కళ మాత్రమే ఆయన చూశాడు. ఇంతకంటే బట్టలతో చెప్పించగలిగిన కథ ఏముంటుంది?

ఆ సిరీస్‌లో ఇంకోటి గమనించండి. బెన్నెట్ వాళ్లింట్లో ఐదుగురు ఆడపిల్లలు, ఆదాయం అంతంత మాత్రం. కాబట్టి ఎలిజబెత్ అవే కొన్ని లేతరంగు నూలు గౌన్లు, పైన అదే పొట్టి కోటు మళ్లీ మళ్లీ వేసుకుంటుంది. డబ్బున్న బింగ్లీ అక్కచెల్లెళ్లు పట్టు, ఈకలు, మెరుపులతో కనబడతారు. ప్రతి సీనుకీ ఒక కొత్త గౌను మారుతోందంటే అక్కడ డిజైనర్ కనిపిస్తున్నాడు, మనిషి కనిపించట్లేదు అనుకోండి. రాణి, మహారాణి కథ అయితే తప్ప, నిజమైన బీరువాలో గౌన్లు తిరిగి తిరిగి అవే వస్తాయి.

మీరు బట్టలు ఇష్టపడేవారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఆ లేత మస్లిన్ గౌన్లకి మన దేశంతో చుట్టరికం ఉంది. ఆస్టిన్ మరో నవల ‘నార్తాంగర్ ఆబీ’లో ఒక యువకుడు తన చెల్లెలికి గౌను గుడ్డ కొన్నానని, గజం ఐదు షిల్లింగులకే దొరికిందని, అదీ అసలైన ఇండియా మస్లిన్ అని గొప్పగా చెప్పుకుంటాడు. అంతకు ముందు తరాల్లో మన మచిలీపట్నం రేవు నుంచి వెళ్లిన అద్దకం, కలంకారీ నూలు బట్టలు యూరప్‌లో ఎంత మోజు పుట్టించాయంటే, అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గోలపెట్టి 1721లో ఇంగ్లండ్‌లో అద్దకం నూలు గుడ్డ కట్టడాన్నే చట్టంతో ఆపించారు. 1774 దాకా ఆ చట్టం పోలేదు. అందుకని పద్దెనిమిదో శతాబ్దపు కథలో ఆడవాళ్ల మీద పువ్వుల అద్దకం కనిపిస్తే ఒకసారి ఆపి దగ్గరగా చూడండి, ఆ పువ్వు తీగ మీకు ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

చరిత్రకు తేడా వస్తే తప్పేనా అని మీ అమ్మాయి అడగొచ్చు. తేడాకి కారణం ఉందా అని చూడాలి. 2005లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ సినిమాలో దర్శకుడు జో రైట్ కథను కావాలనే 1790ల చివరికి జరిపాడు. రొమ్ము కిందే నడుము కట్టు వచ్చే ఆ తర్వాతి గౌన్లు ఆయనకు నచ్చలేదు, పైగా నవల మొదటి రాత జరిగింది ఆ 1790ల్లోనే. దాంతో పెద్దావిడలు పాతకాలం కట్టులో ఉంటారు, పల్లెటూరి పిల్లలు మధ్యస్థంగా ఉంటారు, లండన్ నుంచి వచ్చిన కారొలిన్ బింగ్లీ ఒక్కతే సరికొత్త ఫ్యాషన్‌లో దిగుతుంది. ఒకే గదిలో మూడు తరాల కట్టు చూస్తాం. నిజమైన పెళ్లిళ్లలోనూ అంతే కదా. మరోవైపు ‘బ్రిడ్జర్టన్’ మొదటి ఎపిసోడ్‌లో 1813 నాటి అమ్మాయికి ఊపిరాడనంతగా నడుము బిగిస్తారు. ఆ రోజుల గౌను రొమ్ము కింద నుంచి వదులుగా జారుతుంది, నడుము బయటికి కనిపించనే కనిపించదు. కనిపించని నడుమును సన్నం చేయడం ఎవరికోసం? ఆ సిరీస్ రంగుల ఊహాలోకంలా తీసింది, అది కోరుకునేవారికి హాయిగానే ఉంటుంది. మీరు వెతుకుతున్నది మాత్రం అది కాదు. బట్ట ఎలా తొడుక్కుంటారో, అది ఒంటిని ఎలా కదలనిస్తుందో పట్టించుకోని చోట మీరు రెండో ఎపిసోడ్‌కే ఆపేస్తారు.

ఇక నిదానం సంగతి. ఎపిసోడ్లు ఎక్కువ ఉంటే నిదానం అనుకోవద్దు. అరవై ఎపిసోడ్లున్నా ప్రతి పది నిమిషాలకీ ఒక కుట్ర జరిగితే అది పరుగే. ఏదైనా పెద్ద విషయం జరిగాక ఆ మనిషి దగ్గర కెమెరా ఎంతసేపు ఉంటుందో చూడండి. 1995 సిరీస్ మొత్తం ఐదున్నర గంటలు, 2005 సినిమా రెండు గంటలు దాటి కొంచెం. కథ ఒకటే. ఆ అదనపు మూడు గంటలు ఎక్కడికి పోయాయో తెలియాలంటే ఉత్తరం ఘట్టం చూస్తే చాలు. పెళ్లి చేసుకుందామని అడిగిన డార్సీని ఎలిజబెత్ కాదన్నాక అతను రాత్రంతా కూర్చుని ఉత్తరం రాస్తాడు. సిరీస్‌లో నాలుగో ఎపిసోడ్ మొదట్లో చాలాసేపు దానికే ఇచ్చారు. అతను రాస్తుంటే పాత సంగతులు మనకు కనిపిస్తాయి, ఆమె ఆరుబయట నడుస్తూ చదువుతుంది, కోపం వస్తుంది, మళ్లీ విప్పుతుంది, మళ్లీ చదువుతుంది. ఆమె మనసు మారడాన్ని మనం కళ్లారా చూస్తాం. సినిమాలో అదంతా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. అది బాగుంటుంది, కానీ ఆమె మారిందని మనం నమ్మి ముందుకు పోవాలి.

మీరు తర్వాత చూడాల్సింది మాత్రం ‘క్రాన్‌ఫర్డ్’ అని నా గట్టి సలహా. 2007లో వచ్చిన బీబీసీ సిరీస్, ఐదు ఎపిసోడ్లు, ఎలిజబెత్ గాస్కెల్ రచనల ఆధారంగా తీసింది. 1840ల నాటి చిన్న ఊరు. కథలో పెద్దదంటే ఆ ఊరికి రైలు రాబోతోందన్న టెన్షన్, అంతే. మిగతాదంతా పెళ్లికాని, భర్తలు పోయిన, చేతిలో డబ్బు పెద్దగా లేని ఆడవాళ్లు పరువుగా బతకడం. మొదటి ఎపిసోడ్‌లోనే ఒక ముసలావిడ తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క ఖరీదైన పాత లేసును తెల్లబడటానికి పాలల్లో నానబెడుతుంది. పిల్లి వచ్చి ఆ పాలతోపాటు లేసునూ మింగేస్తుంది. ఆ లేసు మళ్లీ కొనే స్తోమత లేదు. అందుకని పిల్లిని బూటులోకి దూర్చి, మందు పట్టించి, దాన్ని బయటికి రప్పిస్తారు. ఆ తర్వాత అదే లేసు ఉతికి పెట్టుకుంటారు. చూస్తే నవ్వు వస్తుంది. కానీ ఆ తర్వాత ఏ ఆవిడ మెడ దగ్గర తెల్లటి లేసు కనిపించినా దాని వెల ఎంతో, వెనక ఎంత లేమి ఉందో మీకు తెలిసిపోతుంది. నర్సాపురం వైపు లేసు అల్లే ఇళ్లు మీకు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఆ చిన్న ముక్కకి ఎన్ని రోజుల చేతిపని పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఊరిగా చూపించింది విల్ట్‌షైర్‌లోని లేకాక్ అనే నిజమైన పల్లె. 1995 సిరీస్‌లోని మెరిటన్ అనే బజారు ఊరు కూడా అదే. వీధి మలుపులు పోల్చుకుంటూ చూడటం మీ ఇద్దరికీ సరదాగా ఉంటుంది.

ఈ రెండూ అయ్యాక ‘వుల్ఫ్ హాల్’కు వెళ్లండి, ముందే వద్దు. 2015లో వచ్చిన ఆరు ఎపిసోడ్లు. ఎనిమిదో హెన్రీ రాజు దగ్గర మంత్రిగా ఎదిగిన థామస్ క్రామ్‌వెల్ కథ. కమ్మరి కొడుకు రాజుగారి పక్కకి చేరడం. రాత్రి సీన్లను కొవ్వొత్తి వెలుగులో తీశారు. ప్రసారమైనప్పుడు మరీ చీకటిగా ఉందని కొందరు ఫిర్యాదు కూడా చేశారు. అందుకని ఇది పగటిపూట కిటికీ తలుపులు తీసి చూసేది కాదు. గదిలో లైట్లన్నీ ఆపి చూడండి, టీవీ బ్రైట్‌నెస్ పెంచకండి. పెంచితే నలుపు బూడిదరంగుకి తిరిగి, ముదురు ఉన్ని, బొచ్చు, మఖమల్ మధ్య తేడా పోతుంది. ఆ తేడాయే ఇందులో కథ. ఆ రోజుల్లో ఎవరు ఏ గుడ్డ తొడగాలో చట్టమే చెప్పేది, 1533లో అలాంటి చట్టం ఒకటి వచ్చింది. జరీ గుడ్డ, కొన్ని రకాల బొచ్చు, ఊదారంగు పట్టు పెద్ద హోదా వాళ్లకే. కాబట్టి ముదురు రంగుల్లో అణిగిమణిగి ఉండే క్రామ్‌వెల్ భుజాల మీదికి ఏ బొచ్చు ఎప్పుడు చేరుతుందో కనిపెట్టుకుని ఉండండి. అతని పదవి ఎంత పెరిగిందో ఎవరూ నోటితో చెప్పకముందే తెలుస్తుంది. పేర్లు చాలా ఉంటాయి, అందరూ థామస్‌లే. మొదటి ఎపిసోడ్ ముందూ వెనకా జరుగుతుంటుంది. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని, ఆ ఒక్క ఎపిసోడ్ రెండుసార్లు చూసినా నష్టం లేదు.

డౌన్‌టన్ మిగతా సీజన్ల గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. రెండో సీజన్ నుంచి యుద్ధం, గాయాలు, పోయాడనుకున్న వారసుడినే నేనంటూ వచ్చే మనిషి, ఇలా సంఘటనలు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఇల్లు, బట్టలు అంతే అందంగా ఉంటాయి, 1920లు వచ్చేసరికి గౌన్ల ఆకారమే మారిపోవడం చూడముచ్చటగా ఉంటుంది. కథ మాత్రం మొదటి సీజన్‌లో ఉన్నంత ఓపిగ్గా ఉండదు. అది తెలిసి చూస్తే నిరాశ ఉండదు. అదే రచయిత జూలియన్ ఫెలోస్ తర్వాత రాసిన ‘ది గిల్డెడ్ ఏజ్’ 1882 నాటి న్యూయార్క్ కథ. అందులో రసెల్ వాళ్ల ఇల్లూ, వాళ్ల గౌన్లూ కొత్తగా తళతళలాడుతుంటే సెట్టింగ్ అని కొట్టిపారేయకండి. వాళ్లు నిన్నమొన్న డబ్బు చేసినవాళ్లు, ఇల్లు నిజంగానే కొత్తది. వీధికి అవతల పాత కుటుంబం ఉండే ఇంట్లోని ముదురు రంగు చెక్క, బరువైన తెరలు పక్కన పెట్టి చూస్తే ఆ కొత్తదనమే గొడవకి మూలమని అర్థమవుతుంది. నేను చెప్పిన పరీక్ష ఇక్కడ తిరగబడుతుందన్నమాట.

ఒక ఆదివారం సాయంత్రం ఖాళీగా ఉంటే మన దేశంలోదే ఒకటి కూడా పెట్టుకోండి, సత్యజిత్ రాయ్ ‘చారులత’. 1964 సినిమా, కథ 1879 నాటి కలకత్తాలోని ఒక సంపన్నుల ఇల్లు. మొదటి ఏడెనిమిది నిమిషాల్లో మాటలు దాదాపు లేవు. ఆ ఇంటి ఇల్లాలు చారు చేతిరుమాలు మీద భర్త పేరులోని మొదటి అక్షరం కుడుతుంది, పుస్తకం తీస్తుంది, పెడుతుంది, కిటికీ కిటికీకీ తిరిగి చెక్క రెక్కల సందుల్లోంచి చిన్న దుర్బిణితో వీధిని చూస్తుంది. భర్త పుస్తకం చదువుకుంటూ పక్కనుంచే వెళ్లిపోతాడు, ఆమెని చూడడు. ఆమె అదే దుర్బిణి కళ్లకు పెట్టుకుని వెళ్తున్న అతన్ని చూస్తుంది. ఆ ఇంటిని కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త స్టూడియోలో కట్టారు. టీవీలో ఆ మోషన్ సెట్టింగ్ ఆపేశాక చూసి, అది స్టూడియో అని మీకు తోచిందో లేదో నాకు రాయండి.

వెతికేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఒకే నవలని నాలుగైదు సార్లు తీసి ఉంటారు, పేరు ఒక్కటే కొడితే వేరేది వస్తుంది. పక్కన సంవత్సరం తప్పకుండా చేర్చండి: Pride and Prejudice 1995, Cranford 2007, Wolf Hall 2015. ఏ యాప్‌లో ఏది ఉంటుందన్నది తరచూ మారుతుంటుంది, అందుకే యాప్ పేర్లు ఇవ్వట్లేదు. ‘క్రాన్‌ఫర్డ్’కి 2009లో రెండు భాగాల కొనసాగింపు వచ్చింది, Return to Cranford అని కొట్టండి. ఐదు ఎపిసోడ్లు పూర్తి చేశాకే అందులోకి వెళ్లండి, ఎందుకంటే రైలు సంగతి ఏమైందో అందులో ఉంటుంది.